గోదారి అంటే ఐదు మాత్రలు

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు పంక్తులూ చదివాను. అమ్మమ్మ, తాతయ్యల యాభయ్యో పెళ్లిరోజుకు అమ్మమ్మ జోలపాట మెట్టునే ఎంచుకున్నావు. చాలా మంచి పని చేశావు. ఆ పాటకు నిద్రపోని వాళ్లు మన ఇంట్లో ఎవరూ లేరు. మెట్టు అందరికీ వచ్చు కాబట్టి, మాటలు సరిగ్గా కుదిరితే రెండోసారికే పందిరి మొత్తం గొంతు కలుపుతుంది. భావం బాగుంది, దాన్ని మార్చను. కానీ పాడి చూస్తే మొదటి పంక్తిలోనే నాలుక తడబడింది. ఎందుకు తడబడిందో ఫోనులో చెబితే సరిగ్గా అందదని రాస్తున్నాను.

ముందు అసలు పాటను చూడు. "జో అచ్యుతానంద జోజో ముకుందా". హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. సున్న ఉన్న అక్షరానికీ, ఒత్తు ఉన్న అక్షరానికి ముందు వచ్చేదానికీ రెండే. ఇలా లెక్కపెడితే "జో అచ్యు" ఐదు, "తానంద" ఐదు, "జోజో ము" ఐదు, "కుందా" నాలుగు. చివర మిగిలిన ఒక మాత్ర ఊపిరి తీసుకోవడానికి. ఖండచాపు అనేది ఇదే: తకతకిట, తకతకిట. ఐదు మాత్రలకు ఒకసారి తొడ మీద చరుస్తూ రాగం లేకుండా మామూలుగా చదువు, నీకే తెలుస్తుంది.

ఇప్పుడు నీ మొదటి పంక్తి: "అమ్మమ్మ తాతయ్య పెళ్లిరోజు నేడు". మొత్తం కూడితే పందొమ్మిది. అసలు పాటలోనూ పందొమ్మిదే. నువ్వు లెక్కపెట్టే రాశావని అర్థమైంది. మరి తప్పు ఎక్కడుంది? మొత్తంలో లేదు, విరుపులో ఉంది. "అమ్మమ్మ" ఐదు, "తాతయ్య" ఐదు, అక్కడి దాకా పాట నిన్ను ఎత్తుకుని నడుస్తుంది. ఆ తర్వాత "పెళ్లిరో" దగ్గర ఐదు నిండిపోతుంది. చరుపు వచ్చి "జు" మీద పడుతుంది. "పెళ్లిరో... జునేడు" అని వినిపిస్తుంది.

మాట రెండు చరుపుల మధ్య విరగకూడదని కాదు. అసలు పాటలో "ముకుందా" కూడా విరిగింది కదా! కానీ అక్కడ చరుపు "కుం" మీద పడింది. "అచ్యుతానంద"లో "తా" మీద పడింది. ఈ పాటలో పల్లవి అంతా చూడు, ప్రతి చరుపూ రెండు మాత్రల అక్షరం మీదే ఆనుతుంది. "జు" లాంటి తేలిక అక్షరం ఆ బరువు మోయలేదు. పాడేవాళ్లు తెలియకుండానే దాన్ని "జూ" అని సాగదీస్తారు. అక్కడి నుంచి పక్కవాళ్లతో కాలం తప్పుతుంది. నలుగురు కలిసి పాడేటప్పుడు గొంతులు చెదిరాయంటే, సాధారణంగా ఇలాంటి చోటే చెదురుతాయి.

సరిదిద్దడానికి పంక్తంతా మార్చనవసరం లేదు, "నేడు" తీసేసి "అండీ"తో సంధి చేస్తే చాలు. "పెళ్లిరోజండీ" అను. "పెళ్లిరో" ఐదు, "జండీ" నాలుగు. చరుపు "జం" మీద గట్టిగా పడింది, ఊపిరికి చోటు మిగిలింది. పైగా వచ్చిన బంధువులను పిలిచి చెబుతున్నట్టు కూడా ఉంది.

రెండో పంక్తి "గోదావరి ఒడ్డున యాభై ఏళ్ల జంట". ఇక్కడ మన నది పేరే అడ్డుపడింది. "గోదావరి"కి ఆరు మాత్రలు. ఐదు దాటి "రి" ఒక్కటీ అవతలికి జారిపోయి చరుపు కింద పడింది. మనం రోజూ అనే "గోదారి" మాత్రం సరిగ్గా ఐదు, ఈ మెట్టు కోసమే పుట్టినట్టు. రాసేటప్పుడు పూర్తి పేరే గౌరవమని నీకు అనిపించి ఉంటుంది. పాటలో "గోదారి" అంటే గౌరవం ఏమీ తగ్గదు. ఇక "యాభై ఏళ్ల జంట" పది మాత్రలు. ఊపిరి మాత్ర కూడా మాటకే ఖర్చయిపోయింది. ఇలా చేసి చూశాను:

గోదారి సాక్షిగా నిండాయి యాభై

ఐదు, ఐదు, ఐదు, నాలుగు. "ఏళ్లు" అన్న మాట పోయింది, కానీ పెళ్లిరోజున యాభై నిండాయంటే ఏమి నిండాయని ఎవరూ అడగరు. చివరి "భై"ని ఎంతసేపైనా నిలపవచ్చు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పంక్తి: "పంటు మీద సైకిల్ తెచ్చేవాడు తాతయ్య". సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదారి దాటి, నర్సాపురంలో దిగి సైకిలు తొక్కుకుంటూ వచ్చే తాతయ్య కళ్ల ముందు నిలిచాడు. హ్యాండిలుకు మల్లెపూల పొట్లం వేలాడేదని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. కానీ అందులో ఇరవై రెండు మాత్రలున్నాయి, కోయక తప్పదు. "తెచ్చేవాడు" అనడం తాతయ్య ముందు బాగుండదు, "తెచ్చేవారు" అన్నా మాత్రలు తగ్గవు. అందుకని తాతయ్యను పక్కన పెట్టి వస్తువులను ముందుకు తెచ్చాను:

పంటుపై వచ్చేవి సైకిలూ పూలూ

"సైకిల్" అని హల్లుతో ఆపితే గొంతు నిలపడానికి అచ్చు దొరకదు. "సైకిలూ, పూలూ" అంటే ఆ దీర్ఘాలు మాటలో సహజంగానే వచ్చాయి. సాగదీయడంలో ఇది గుర్తుపెట్టుకో. మాట చివరి అచ్చును కాస్త సాగదీసినా చెవి ఒప్పుకుంటుంది, మాట మొదట్లోనో మధ్యలోనో సాగదీస్తే అర్థమే మారుతుంది. "పడవ" కాస్తా "పాడవా" అవుతుంది. దీర్ఘాన్ని కుదించి హ్రస్వం చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

నీ నాలుగో పంక్తిలో మాటలు ఎక్కువ, బొమ్మ తక్కువ. ప్రేమ, అనురాగం, ఆదర్శం అని మూడు పెద్ద మాటలు వరుసగా పెట్టావు. అవి ఏ దంపతులకైనా సరిపోతాయి. మన అమ్మమ్మకే సరిపోయేది రాయాలి:

గుమ్మాన అమ్మమ్మ నవ్వేది చూసీ

నచ్చకపోతే మార్చు, కానీ చరుపులు "గు, అ, న, చూ" మీదే పడేలా చూసుకో. వాటిలో మొదటి మూడూ ఒత్తుకు ముందున్నవి కాబట్టే బరువెక్కాయి.

రెండో చరణంలో బంధువులందరినీ తేవాలన్నావు. భయపడకు, మన వరసలు చాలావరకు ఈ తాళంలోనే ఉన్నాయి. మామయ్య, అత్తయ్య, పెద్దమ్మ, బాబాయి, అన్నయ్య, అన్నీ రెండు, రెండు, ఒకటి. ఇబ్బంది పెట్టేది పిన్ని. మూడు మాత్రలే ఉంది. "పిన్నితో" అంటే ఐదవుతుంది, లేదా "పిన్ని మా" అని తర్వాతి మాటకు కలుపు. "మావయ్య" అని రాసినా లెక్క మారదు, ఇంట్లో పిలిచేదే రాయి.

నాలుగు పంక్తులు రాసి, ప్రతి ఐదు మాత్రలకూ ఒక గీత పెట్టి పంపు. గీత దాటిన వెంటనే ఒక మాత్ర అక్షరం కనిపిస్తే నాకు పంపకముందే నువ్వే మార్చేయి. ఇంట్లో వాళ్లకు మాత్రం ముందే వినిపించకు, మీ పిన్ని నోట్లో మాట దాగదు.

మీ అమ్మ