కాఫీ లెక్క కప్పుల్లో చెప్పాలి

సంపాదకుడు గారికి,

నెలనెలా పరీక్షకు వచ్చే గర్భిణికి బరువు చూస్తారు, బీపీ చూస్తారు, ఐరన్ మాత్రలిస్తారు. కాఫీ, టీల సంగతి వస్తే మాత్రం "తగ్గించమ్మా" అని ఒక్క మాటతో సరిపెడతారు. ఎంతకి తగ్గించాలో చెప్పరు. ప్రసూతి వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి ఈ లోటు గురించి రాస్తున్నాను.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. మిల్లీగ్రాములంటే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది.

మా వీధిలో ఏడో నెల గర్భిణి ఒకమ్మాయి "రోజుకి రెండే కాఫీలు ఆంటీ" అంది. కూర్చుని లెక్కేశాం. పొద్దున ఫిల్టర్ కాఫీ 100, సాయంత్రం ఇన్‌స్టంట్ 60. ఆఫీసులో తాగే రెండు టీలు కలిపి 90. నిద్ర ఆపుకోవడానికి తాగే పావు లీటరు ఎనర్జీ డ్రింక్‌లో దాదాపు 75. మొత్తం 325! టీనీ, డ్రింక్‌నీ తను లెక్కలోకే తీసుకోలేదు. డ్రింకూ సాయంత్రం కాఫీ మానేస్తే 190కి వచ్చేసింది. ఒక్కసారిగా అన్నీ మానితే తలనొప్పి వస్తుంది కాబట్టి వారం రోజుల్లో మెల్లగా తగ్గించమన్నాను. కొన్ని తలనొప్పి, జలుబు మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది, అదీ చూసుకోవాలి.

మామూలుగా ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి ఐదు గంటలు పడితే, నెలలు నిండేకొద్దీ పదిహేను గంటల దాకా పడుతుంది. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది, దాన్ని అరిగించే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా ఉండదు. కెఫీన్ ఎక్కువగా తీసుకునే తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టడం అధ్యయనాల్లో కనిపించింది.

కాన్పయ్యాక జాగ్రత్త సడలుతుంది. పాలలోకి వెళ్లేది కొంచెమే అయినా, అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో అది సగం తగ్గడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా రోజూ కొంత వచ్చి చేరుతుంటుంది. బిడ్డ నిద్రపోక చిరాగ్గా ఏడుస్తుంటే, ఉలిక్కిపడుతుంటే పాలు చాలడం లేదని డబ్బా పాలు మొదలుపెడతారు. ముందు తల్లి కాఫీ ఎంత తాగుతోందో అడగాలి. తగ్గించిన మర్నాడే తేడా కనపడదు, వారం ఆగి చూడాలి. తల్లిపాలు మాత్రం మాన్పించకూడదు. పాలిచ్చిన వెంటనే కాఫీ తాగితే, మళ్లీ పాలిచ్చే వేళకు పాలలో దాని మోతాదు కొంత తగ్గుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో డాక్టర్ని అడగాలి.

తల్లీబిడ్డల కార్డులో ఈ కప్పుల లెక్క ఒక పెట్టెలో అచ్చు వేయాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగరాదన్న హెచ్చరిక ఎనర్జీ డ్రింక్ సీసాల మీద చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటోంది. దాన్ని తెలుగులో, చదవగలిగేంత పెద్దగా వేయించాలి.

- ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి