సిరిమాను దాటిపోయినా సైకిల్ రాలేదు

సంపాదకుడు గారికి,

ముందుగా డబ్బు కట్టించుకుని, సరుకు పంపే తేదీని నెలనెలా జరుపుకుంటూ పోయే ఆన్‌లైన్ అమ్మకాల గురించి రాస్తున్నాను. మాది విజయనగరం, కంటోన్మెంట్. మావాడి కాలేజీ ఊరి చివర, రోజూ ఆటోకి అరవై రూపాయలు. అందుకని పోయిన ఏడు జూన్ 12న ఒక కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఎలక్ట్రిక్ సైకిల్ ప్రీఆర్డర్ పెట్టాం. మొత్తం 31,500 రూపాయలు క్రెడిట్ కార్డు మీద ఒకేసారి కట్టేశాను. ఆగస్టు 25న డిస్పాచ్ అని పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది.

ఆగస్టు 24 సాయంత్రం మెయిల్ వచ్చింది, బ్యాటరీలు పోర్టులో ఆగాయట, సెప్టెంబరు 30కి పంపుతారట. సరే, పోర్టు అంటే మనకీ తెలుసు కదా, విశాఖ పక్కనే ఉంది, ఆలస్యాలు అవుతాయి అనుకుని ఊరుకున్నాను. సెప్టెంబరు 29న ఇంకో మెయిల్. ఈసారి నవంబరు 10. కారణం లేదు, "మీ ఓపికకు ధన్యవాదాలు" అని మాత్రం ఉంది. అదే వారం వాళ్ళ సైట్లో రెండో బ్యాచ్ ప్రీఆర్డర్లు తెరిచారు, అదే సైకిల్ 28,000కే. పైడితల్లమ్మ సిరిమాను నాటికి సైకిలెక్కి తిరుగుదామనుకున్న మావాడు "ఏటి నాన్నా, మళ్ళీ సంక్రాంతికేనా?" అన్నాడు. అప్పుడు క్యాన్సిల్ చేద్దామని నిర్ణయించాను.

నా లెక్కలో క్యాన్సిల్ చెయ్యాల్సిన సమయం అదే. మొదటి వాయిదాకి కారణం చెప్పి, ఫలానా తేదీ అని చెబితే ఆగొచ్చు. రెండోసారి కారణం లేకుండా జరిపి, పైగా మన డబ్బు దగ్గర పెట్టుకుని కొత్తవాళ్ళ దగ్గర మళ్ళీ వసూలు మొదలెట్టారంటే ఇక ఆగకూడదు. ఆ రోజు దాకా ఒక్క సంగతి కూడా తెలియని నేను బ్యాంకులో పనిచేసే మా బావమరిదిని అడిగితే అసలు విషయం చెప్పాడు. కార్డు మీద కట్టిన డబ్బుకి చార్జ్‌బ్యాక్ అని ఒక దారి ఉంటుంది. సరుకు రాకపోతే బ్యాంకు ద్వారా వెనక్కి అడగడం. దానికి గడువు సాధారణంగా సరుకు రావలసిన తేదీ నుంచి 120 రోజులు, బ్యాంకుని బట్టి కొంచెం తేడా ఉండొచ్చు, అందుకని ముందే అడిగి తెలుసుకోవాలి. నా విషయంలో ఆగస్టు 25 నుంచి లెక్కేస్తే డిసెంబరు 23. అంటే నవంబరు 10 అని నమ్మి, మళ్ళీ ఒకసారి జరిపితే కూడా నమ్మి కూర్చుంటే ఆ దారి మూసుకుపోయేంత దగ్గరికి వచ్చేస్తాం.

ఇంకో చిక్కు ఉంది. కొత్త తేదీకి "అంగీకరిస్తున్నాను" అని మనం నొక్కేస్తే, ఆ తేదీ రాకముందు బ్యాంకుకి వెళ్ళినప్పుడు "ఇంకా గడువు కాలేదు కదా" అని తిప్పి పంపే అవకాశం ఉంది. కాబట్టి వాయిదా మెయిల్లో బటన్ కనిపిస్తే నొక్కకండి. నేను మెయిల్లో ఇంతే రాశాను: "ఆర్డర్ నంబరు ఇది, ఆగస్టు 25కి పంపుతామన్నారు, పంపలేదు, నవంబరు 10కి నేను ఒప్పుకోవడం లేదు, ఆర్డర్ రద్దు చేసి మొత్తం సొమ్ము అదే కార్డుకి తిరిగి వెయ్యండి." ఫోన్లో ఎంత మాట్లాడినా అది గాలిలో కలిసిపోతుంది, రాతపూర్వకంగా ఉండాలి.

ఇక్కడ మావాడి గొప్పతనం ఒకటి చెప్పాలి. మెయిల్ పంపే ముందు పేజీ తెరిచి చూస్తే ఆగస్టు 25 అన్నది మాయమై "త్వరలో" అని ఉంది. నాకు టెన్షన్ వచ్చేసింది. కానీ వీడు జూన్‌లోనే ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో డాబు కొట్టడానికి ఆ పేజీ స్క్రీన్‌షాట్ పెట్టాడు, తేదీతో సహా. చివరికి మా సాక్ష్యం అదే! ప్రీఆర్డర్ పెట్టిన రోజే పేజీని, ఆర్డర్ మెయిల్‌ని ఫోటో తీసి దాచుకోండి.

జవాబు ఫోన్లో వచ్చింది, 5 శాతం క్యాన్సిలేషన్ చార్జీ పడుతుందట, అంటే 1,575 రూపాయలు. అలా వెయ్యడానికి లేదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, కంపెనీ తనంతట తాను ఆర్డర్ రద్దు చేసినప్పుడు మనకి అలాంటి చార్జీ చెల్లించే పద్ధతి ఉంటేనే మన దగ్గర వసూలు చెయ్యాలి. ఆ మాట మెయిల్లో రాసి, సైట్ అడుగున పేరు ఉన్న ఫిర్యాదుల అధికారికి పంపాను. ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి, ఇదీ ఆ నిబంధనల్లోనే ఉంది.

మర్నాడే చిత్రం జరిగింది. ఆర్డర్ "షిప్ అయింది" అని మెసేజ్, ట్రాకింగ్ నంబరు కూడా. క్యాన్సిల్ బటన్ పోయింది. నంబరు కొరియర్ సైట్లో కొట్టి చూస్తే "వివరాలు అందాయి" అని ఒక్క లైను, సరుకు తీసుకున్నట్టు లేదు. నాలుగు రోజులు అదే లైను. అంటే లేబుల్ ముద్రించారు, పెట్టె కదల్లేదు. ఆ నాలుగు రోజుల స్క్రీన్‌షాట్లతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను. ఒకవేళ నిజంగానే పెట్టె బయలుదేరి ఉంటే గుమ్మం దగ్గర తీసుకోకుండా తిప్పి పంపేసేవాణ్ణి. విప్పి చూసి పంపడం వేరు, అసలు తీసుకోకపోవడం వేరు, రెండోదానిలో గొడవ తక్కువ.

తరవాత "స్టోర్ క్రెడిట్ ఇస్తాం, ఇంకో 500 కలుపుతాం" అన్నారు. సైకిల్ ఇవ్వలేనివాడి దగ్గర ఇంకేం కొంటాం? వద్దన్నాను. పదకొండో రోజున "రిఫండ్ పంపాం" అని మెయిల్. అది చూసి మురిసిపోకుండా ఏఆర్ఎన్ నంబరు అడిగాను. కార్డు రిఫండ్‌కి ఆ నంబరు ఉంటే బ్యాంకు వాళ్ళు ఎక్కడుందో వెతగ్గలరు, యూపీఐ అయితే యూటీఆర్ అడగాలి. ఆరు రోజులకి 31,500 పూర్తిగా పడింది. రిఫండ్ దారిలో ఉండగా చార్జ్‌బ్యాక్ కూడా పెట్టకూడదని బావమరిది గట్టిగా చెప్పాడు, డబ్బు రెండుసార్లు వస్తే మళ్ళీ మనమే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈఎంఐ మీద కొన్నవాళ్ళు మాత్రం రిఫండ్ పడ్డాక కూడా బ్యాంకుకి విడిగా చెప్పి ఈఎంఐ మూయించాలి, లేకపోతే నెలనెలా కోత ఆగదు.

మా వీధిలో ఒకాయన ఇదే కంపెనీ నంబరు గూగుల్లో వెతికి ఫోన్ చేశాడు. అవతలవాడు "రిఫండ్ కోసం యూపీఐ పిన్ కొట్టండి" అన్నాడట. డబ్బు రావడానికి పిన్ ఎందుకండీ, పిన్ కొడితే పోవడమే. అదృష్టం, ఖాతాలో రెండు వందలే ఉన్నాయి, అవి పోయాయి. ఇలాంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇక అసలు కోరిక. అమెరికాలో ఉత్తరాలు, ఫోన్ల ద్వారా జరిగే అమ్మకాల కాలం నుంచీ ఒక నియమం ఉంది, ఇప్పుడు ఆన్‌లైన్‌కీ వర్తిస్తుంది. మొదటి వాయిదా 30 రోజుల లోపు అయితే కొనుగోలుదారు మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవచ్చు. రెండోసారి జరిపితే మాత్రం ఆయన స్పష్టంగా సరే అనాలి, అనకపోతే ఆర్డర్ రద్దు చేసి డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. మన నిబంధనల్లో ఆలస్యంగా వచ్చిన సరుకుని వాపసు తీసుకోవడం గురించి ఉంది, అదీ కంపెనీ చేతిలో లేని కారణాలు మినహాయించి. తేదీ జరిపినప్పుడు మన ఒప్పుకోలు అడగాలని మాత్రం లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ ఒక్క వాక్యం చేర్చాలని, మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

మావాడికి గంటస్తంభం దగ్గర షాపులో మామూలు గేర్ సైకిల్ కొన్నాం. అదే రోజు తొక్కుకుంటూ ఇంటికి తెచ్చాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కంటోన్మెంట్, విజయనగరం