తల్లికి వందనం డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లిందో తల్లులకు చెప్పండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలో బ్యాంకు కౌంటర్లో పనిచేసి రిటైరైన ఉద్యోగిని. తల్లికి వందనం డబ్బు పడలేదని పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు పట్టుకుని మా ఇంటికి వచ్చే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. అర్హుల జాబితాలో వాళ్ల పేర్లు ఉన్నాయి. ప్రభుత్వం డబ్బు పంపింది కూడా. అయినా చేతికి రాలేదు. ఎక్కడ ఆగిందో వాళ్లకు చెప్పే మనిషి మాత్రం దొరకడం లేదు.

ఒక తల్లి సంగతి వివరంగా చెబుతాను. మిగతావాళ్ల ఇబ్బంది కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ఆమెకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ జెడ్పీ హైస్కూల్లో చదువుతున్నారు. పథకం కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు, అందులో పాఠశాల నిర్వహణకు 2,000 పోను తల్లికి 13,000. అంటే ఆమెకు 26,000 రావాలి. డ్వాక్రా పొదుపు చేసుకునే బ్యాంకులోనే ఆమెకు పాత ఖాతా ఉంది, దరఖాస్తులోనూ ఆ నంబరే ఇచ్చింది. డబ్బు పడకపోయేసరికి సచివాలయానికి వెళ్లింది. "ఎన్‌పీసీఐ ఫెయిల్ అని చూపిస్తోందమ్మా, బ్యాంకులో లింక్ చేయించుకో" అన్నారు. బ్యాంకుకు వెళితే కంప్యూటర్లో చూసి, "మీ ఆధార్ ఎప్పుడో లింకైందమ్మా, మా దగ్గర ఏ ప్రాబ్లమూ లేదు" అన్నారు. మళ్లీ సచివాలయం, మళ్లీ బ్యాంకు. ఒక్కోసారి తిరిగితే ఒక రోజు కూలి పోతుంది.

మంత్రి గారూ, ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. సచివాలయం చెప్పిందీ నిజమే, బ్యాంకు చెప్పిందీ నిజమే. ఎందుకంటే ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే లింకు గురించి కాదు.

బ్యాంకులో కేవైసీ కోసం ఆధార్ ఇచ్చినప్పుడు ఆ నంబరు ఆ బ్యాంకు సొంత రికార్డులో చేరుతుంది. అది మొదటి లింకు. పథకం డబ్బు నడిచేది ఇంకో లింకు మీద. బ్యాంకుల మధ్య డబ్బు బదిలీలు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ. దాని దగ్గర మ్యాపర్ అని ఒక జాబితా ఉంటుంది. అందులో ఒక్కో ఆధార్ నంబరుకు ఎదురుగా ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది. ప్రభుత్వం పంపే ఫైల్లో తల్లి ఆధార్ నంబరు, ఇవ్వాల్సిన మొత్తం ఉంటాయి. ఎన్‌పీసీఐ ఆ నంబరును మ్యాపర్లో వెతికి, ఏ బ్యాంకు పేరు కనిపిస్తే ఆ బ్యాంకుకు పంపేస్తుంది. ఆమె ఆధార్‌కు తన దగ్గర ఏ ఖాతా జోడించి ఉందో చూసుకుని ఆ బ్యాంకు అందులో జమ చేస్తుంది. ఈ దారిలో దరఖాస్తులో రాసిన ఖాతా నంబరును గానీ, ఐఎఫ్‌ఎస్‌సీ కోడును గానీ ఎవరూ చూడరు. ఈ సంగతి తెలియక తల్లులు పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్సులు మళ్లీ మళ్లీ ఇస్తున్నారు. దానివల్ల ఏమీ మారదు.

ఆమె ఆధార్‌ను మ్యాపర్లో చూస్తే వేరే బ్యాంకు పేరు వచ్చింది. కొన్నాళ్ల కింద భార్యాభర్తలు బిల్డింగ్ పనికి హైదరాబాద్ వెళ్లారు. కూలి డబ్బు వేయడానికి అక్కడి మేస్త్రి అందరి చేతా మెషిన్ మీద వేలిముద్ర పెట్టించి కొత్త ఖాతాలు తీయించాడు. ఆ రోజు సంతకం పెట్టిన కాగితాల్లో, ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాకే రావాలి అనే అనుమతి కూడా ఉంది. అలా మ్యాపర్లో పాత బ్యాంకు పేరు పోయి కొత్త బ్యాంకు పేరు చేరింది. ఊరికి తిరిగొచ్చే ముందు ఆమె ఆ ఖాతా మూసేయించింది. ఖాతా మూసినప్పుడు ఆ బ్యాంకు మ్యాపర్లో నుంచి కూడా తన పేరు తీయించాలి. తీయించలేదు. దాంతో 26,000 రూపాయలు లేని ఖాతాను వెతుక్కుంటూ వెళ్లి వెనక్కి తిరిగాయి.

ఆ ఖాతా మూయకుండా ఉండుంటే డబ్బు అందులో పడి ఉండేది. అలాంటి తల్లులూ నాకు తెలుసు. సచివాలయం లాగిన్‌లో చెల్లింపు జరిగినట్టు కనిపిస్తుంది, తల్లి మాత్రం రాలేదంటుంది. సిమ్ కార్డు కోసమో, బంగారం లోను కోసమో ఎప్పుడో తీసి మరిచిపోయిన ఖాతాలో డబ్బు ఉంటుంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. 2017లో ఒక మొబైల్ కంపెనీ పేమెంట్స్ బ్యాంకు సిమ్ వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచింది. లక్షల మంది గ్యాస్ సబ్సిడీ అందులోకి వెళ్లిపోయింది. ఆ డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ పేమెంట్స్ బ్యాంకు ఈ-కేవైసీ అనుమతిని తాత్కాలికంగా ఆపేసింది. ఆ తర్వాత రూల్సు బిగించారు. అయినా పది కాగితాల మధ్య అనుమతి సంతకం పెట్టించడం ఆగలేదు.

ఇక హైదరాబాద్ వెళ్లొచ్చిన ఆ తల్లి లింకు ఎలా సరైందో చెబుతాను.

ముందు మ్యాపర్లో ఏ బ్యాంకు ఉందో చూశాం. myaadhaar.uidai.gov.in లో లాగిన్ అయితే Bank Seeding Status అని ఉంటుంది. అందులో బ్యాంకు పేరు, Active లేదా Inactive అన్న మాట, చివరిసారి మారిన తేదీ కనిపిస్తాయి. ఖాతా నంబరు కనిపించదు. కానీ లాగిన్ కావాలంటే ఆధార్‌కు ఇచ్చిన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది, ఆమె ఆ సిమ్ ఎప్పుడో పారేసింది. అందుకని మామూలు ఫోన్ నుంచి *99*99*1# డయల్ చేసి ఆధార్ నంబరు కొట్టాం. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇదీ కుదరకపోతే బ్యాంకు సిబ్బంది తమ సిస్టమ్‌లోనే చూసి చెప్పగలరు. అడిగే తీరు తెలియాలి, అంతే. "లింకైందా సార్?" అని అడిగితే సొంత రికార్డు చూసి అయిందంటారు. "ఎన్‌పీసీఐ మ్యాపర్లో ఏ బ్యాంకు ఉందో చూడండి సార్" అని అడగాలి.

మ్యాపర్లో ఆధార్‌కు బ్యాంకును జోడించడాన్ని సీడింగ్ అంటారు. తర్వాత ఆమె తన పాత బ్యాంకులోనే ఆధార్ సీడింగ్ ఫారం నింపింది. ఆ ఫారంలోనే చాలామంది పొరపడతారు. మొదటిసారి సీడింగ్, ఒకే బ్యాంకులో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్పు, వేరే బ్యాంకు నుంచి ఈ బ్యాంకుకు మార్పు అని విడివిడిగా ఉంటాయి. ఆమె టిక్ పెట్టాల్సింది మూడోదానికి. దాంతోపాటు ఇప్పుడు మ్యాపర్లో ఉన్న బ్యాంకు పేరు రాయాలి. ఆ పేరు తెలియకనే చాలామంది మొదటిదానికి టిక్ పెడతారు, మార్పు జరగదు. ఫారం తీసుకున్నట్టు స్టాంపు వేసిన రసీదు అడిగి తీసుకున్నాం. కొన్ని రోజులయ్యాక మళ్లీ చూస్తే మ్యాపర్లో ఆమె బ్యాంకు పేరు వచ్చింది. హైదరాబాద్ బ్యాంకు చుట్టూ తిరిగే పని పడలేదు. కొత్త బ్యాంకు పేరు ఎక్కితే పాతది దానంతటదే పోతుంది.

కొందరికి బ్యాంకు పేరు సరిగానే ఉండి Inactive అని వస్తుంది. అంటే ఆ బ్యాంకే ఏదో కారణంతో, ఉదాహరణకు కేవైసీ గడువు దాటిందని, సీడింగ్ తీసేసింది. వాళ్లు అదే బ్యాంకులో కేవైసీ ఇచ్చి మళ్లీ సీడింగ్ చేయమని అడిగితే సరిపోతుంది. ఆధార్ నంబరే రద్దయి ఉంటే మాత్రం బ్యాంకు ఏమీ చేయలేదు, ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. అర్హుల జాబితాలోనే పేరు లేనివాళ్లకు సీడింగ్ ఎంత సరిగా ఉన్నా ఉపయోగం లేదు. సచివాలయంలో ఈ నాలుగు రకాలవాళ్లకూ ఒకటే జవాబు వస్తోంది: "బ్యాంకుకు వెళ్లండి."

త్వరగా పనవుతుందని పోస్టాఫీసులో తపాలా శాఖ బ్యాంకు ఐపీపీబీ ఖాతా తీయమని చెప్పేవాళ్లున్నారు. నిజమే, వేలిముద్రతో వెంటనే ఖాతా వస్తుంది, సీడింగ్ కూడా అక్కడే చేస్తారు. ఏ ఖాతా లేనివాళ్లకు అది మంచి దారి. కానీ పాత ఖాతా ఉన్న మనిషికి ఈ సలహా ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా చెప్పాలి. మ్యాపర్లో బ్యాంకు మారితే తల్లికి వందనం ఒక్కటే మారదు. గ్యాస్ సబ్సిడీ, ఉపాధి హామీ కూలి, ఆమె పేరు మీద పొలం ఉంటే పీఎం కిసాన్, ఆధార్ మీద నడిచే ప్రతి పైసా కొత్త ఖాతాకే పోతుంది. ఈ మాట చెప్పకపోతే ఇవాళ పథకం డబ్బు దొరికిన తల్లి వచ్చే నెల ఉపాధి కూలి కోసం వెతుక్కుంటుంది.

మంత్రి గారూ, మ్యాపర్ మీ శాఖ చేతిలో లేదని నాకు తెలుసు. నేను అడిగేవన్నీ మీ శాఖ చేయగలిగినవే.

డబ్బు విడుదలకు కనీసం నెల ముందు అర్హుల ఆధార్ నంబర్లన్నీ మ్యాపర్‌తో సరిచూడండి. "యాక్టివ్", "ఇన్‌యాక్టివ్" అని చెప్పి వదిలేయకుండా, ఏ బ్యాంకు ఉందో ఆ పేరును తల్లికి చెప్పించండి. బ్యాంకు పేరు చెవిన పడగానే సగం మంది "అయ్యో, అది నేను వాడటం లేదే" అంటారు. అప్పుడు సరిచేసుకోవడానికి నెల సమయం ఉంటుంది. సచివాలయం గోడకు పేర్లతో అంటించవద్దు, ఆమె బ్యాంకు సంగతి ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. ఆమెకు చీటీ మీద రాసి ఇస్తే చాలు.

వెనక్కి వచ్చిన ప్రతి చెల్లింపుతో పాటు ఎందుకు వచ్చిందో కారణం కూడా వస్తుంది. ఖాతా మూసేశారనో, ఆధార్‌కు ఏ బ్యాంకూ లేదనో, ఖాతా వాడకంలో లేదనో అందులో స్పష్టంగా ఉంటుంది. ఆ కారణాన్ని తెలుగులో, ఎవరి దగ్గరికి వెళ్లాలో కలిపి, సచివాలయం స్క్రీన్ మీదకు తెప్పించండి. ఇప్పుడు "ఫెయిల్" అన్న ఒక్క మాట వెనక ఆ సమాచారమంతా దాగిపోతోంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. సీడింగ్ సరిచేసుకున్నంత మాత్రాన వెనక్కి పోయిన డబ్బు దానంతటదే రాదు. మీ శాఖ మళ్లీ ఫైలు పంపాలి. నేను పైన చెప్పిన తల్లి బ్యాంకు సరిచేయించుకుని కూర్చుంది, మళ్లీ ఎప్పుడు పంపుతారో సచివాలయంలో ఎవరికీ తెలియదు. ఎప్పుడొస్తుందన్న టెన్షన్ ఒకవైపు, వడ్డీకి తెచ్చి కట్టిన ఆటో ఫీజు ఇంకోవైపు. ప్రతి నెలా ఒక తేదీ పెట్టి, ఆ తేదీలోపు సరిచేసుకున్నవాళ్లందరికీ మళ్లీ చెల్లిస్తామని ఉత్తర్వు ఇవ్వండి. ఆ తేదీ ప్రతి సచివాలయానికీ, ప్రతి బడికీ తెలిసేలా చేయండి.

మన రాష్ట్రంలో పింఛను ఇంటికి తెచ్చి చేతికిస్తున్నారు. ఇవ్వాల్సిన మనిషి కనపడకపోతే ఎందుకో కనుక్కుంటున్నారు. బ్యాంకు ద్వారా వెళ్లే డబ్బు విషయంలోనూ ఆ కనుక్కునే బాధ్యత ప్రభుత్వం మీదే ఉండాలి. ఇప్పుడది తల్లుల మీద పడింది.

ఈ ఉత్తరం మీ దాకా చేరితే, వెనక్కి వచ్చిన చెల్లింపుల జాబితా ఒకసారి కారణాల వారీగా తెప్పించుకుని చూడండి. జిల్లాలవారీ జాబితాలు మీకు వస్తూనే ఉంటాయి, వాటిలో ఈ లెక్క తెలియదు.

ఇట్లు
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
ప్రకాశం జిల్లా