మంచం కొలత లోపలిదా, బయటిదా? ఆర్డర్ చీటీ మీద రాయించాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా హనుమకొండలో, వరంగల్‌లో పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే వడ్రంగి షాపుల దగ్గర మంచాలు, బీరువాలు ఆర్డర్ ఇచ్చేవాళ్లే కనిపిస్తారు. వేలకు వేలు అడ్వాన్స్ ఇచ్చి చేతిలో ఒక తుండు కాగితంతో ఇంటికి వస్తాం. ఆ కాగితం మీద ఏం ఉండాలో ఎవరూ చెప్పరు. మా బిడ్డ పెళ్లికి చేయించిన మంచంతో నాకు ఆ సంగతి తెలిసొచ్చింది.

ఆరు అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న టేకు మంచం అడిగాం. కంపెనీ పరుపు ముందే కొన్నాం, అది 72 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు. తలవైపు అంగుళం మందం టేకు పలకలు వేయాలి, చెక్క బలార్షా టేకే కావాలి అని మాట్లాడుకున్నాం. ధర 68 వేలు. అడ్వాన్స్ 30 వేలు, మంచం దింపిన రోజు ఇంకో 30 వేలు ఇచ్చాం. షాపు ఇచ్చిన చీటీలో ఉన్నది ఇంతే: "6 × 6½, టేకు, 68 వేలు".

మంచం వచ్చింది. పాలిష్ మెరుస్తుంటే అందరం బాగుంది అన్నాం. నాలుగో రోజు పరుపు వేయబోతే దిగలేదు. టేపు పెట్టి చూస్తే లోపల 69 వెడల్పు, 75 పొడవు. ఎందుకిట్లయిందో కొంచెం ఆలోచిస్తే అర్థమైంది. చుట్టూ ఉన్న పట్టెల మందం ఒక్కొక్కటి అంగుళంన్నర. రెండు వైపులా కలిపితే మూడు అంగుళాలు. షాపాయన మేం చెప్పిన కొలతను బయటి అంచు నుంచి బయటి అంచుకు తీసుకున్నాడు. మేం చెప్పింది పరుపు కూర్చునే లోపలి కొలత. ఆ ఒక్క మాట చీటీ మీద లేకపోవడంతో మూడు అంగుళాలు పోయాయి.

అనుమానం వచ్చి తలవైపు బోర్డు కూడా చూశాం. టేకు పలక అయితే ముందువైపు కనిపించే చారలు పైఅంచు మీదికి కూడా సాగుతాయి, వెనక కూడా అదే చెక్క కనిపిస్తుంది. మా బోర్డుకు అంచు మీద వేరే సన్న పట్టీ అతికించి ఉంది. వెనక ఒక స్క్రూ తీసి చూస్తే ఆ రంధ్రంలో పొరలు పొరలుగా కనిపించింది. అది ప్లైవుడ్, పైన పల్చటి టేకు పొర. రంగులో కాస్త తేడా, చారల్లో తేడా టేకుకు సహజం, దానికి నేను పేచీ పెట్టను. పలక బదులు ప్లై వేయడం మాత్రం వేరే వస్తువు ఇవ్వడమే.

ఫోన్ చేస్తే షాపాయన, "అక్కా, చెక్క కోసినంక వాపసు ఉండదు. పరుపును మూడించులు కోయించుకోండ్రి, అయిపోతది. ఐదు వేలు తక్కువ ఇయ్యండ్రి" అన్నాడు. ఆయన మాటలో సగం నిజం ఉంది. మన కొలతకు చేసిన మంచం ఇంకొకరికి అమ్మడం కష్టం. మనకు మనసు మారిందని తిప్పి పంపితే ఆయన నష్టపోతాడు, అది న్యాయం కాదు. కానీ ఇక్కడ మారింది మా మనసు కాదు, మాట్లాడుకున్న డిజైన్. కొత్త పరుపు కోస్తే దాని వారంటీ కూడా పోతుంది.

నేను లొల్లి పెట్టుకోలేదు. ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాను, అదే వాట్సాప్‌లోనూ పెట్టాను. ఇంకొకరికి పనికొస్తుందని ఆ మాటలు ఇక్కడ ఇస్తున్నాను.

"అయ్యా, మీ దగ్గర 68,000 రూపాయలకు మంచం ఆర్డర్ ఇచ్చి, 60,000 చెల్లించాను. '72 × 78 పరుపు లోపల కూర్చోవాలి, తలవైపు అంగుళం టేకు పలక' అని ఆర్డర్ రోజే పరుపు ఫొటోతో మెసేజ్ పెట్టాను. మీరు 'సరే అక్కా' అని జవాబిచ్చారు. దింపిన మంచం లోపలి కొలత 69 × 75. తలవైపు ప్లైవుడ్ ఉంది. కొలిచిన ఫొటోలు, స్క్రూ రంధ్రం ఫొటో జత చేశాను. ఈ మంచాన్ని నేను ఒప్పుకోవడం లేదు, వాడటం లేదు. పట్టెలకు ముక్కలు అతికి పొడవు పెంచితే బరువు ఆగదు కాబట్టి అది నాకు వద్దు. 21 రోజుల్లో కొత్త పట్టెలతో, టేకు పలకతో మాట్లాడుకున్నట్టు చేసి ఇవ్వండి. మిగిలిన 8,000 అప్పుడు ఇస్తాను. కుదరకపోతే 60,000 తిరిగి ఇచ్చి, మీ ఖర్చుతో మంచం తీసుకుపోండి. బిల్లు కూడా ఇవ్వండి."

"ఒప్పుకోవడం లేదు, వాడటం లేదు" అన్న మాటలు ఊరికే రాయలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, వస్తువును ఒప్పుకోవడం లేదని తగిన సమయంలో చెప్పకుండా దగ్గర ఉంచుకుంటే దాన్ని స్వీకరించినట్టే లెక్క. పెళ్లి హడావిడిలో ఉండి ఆరు నెలల తర్వాత అడిగితే మాట చెల్లడం కష్టం. వివరణ చెప్పి అమ్మిన సరుకు ఆ వివరణకు సరిపోవాలని కూడా అదే చట్టం చెబుతుంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

తొమ్మిదో రోజు షాపాయన టేపు పట్టుకుని ఇంటికి వచ్చాడు. నా ముందే కొలిచి, పట్టెలు కొత్తవి చేస్తానన్నాడు. తలవైపు బోర్డు విషయం ఇంకా తేలలేదు, "అందరికీ ఇట్లనే చేస్తం" అంటున్నాడు. గడువు దాటితే 1915 నంబరు మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెబుతాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. అయినా మెసేజ్‌లో ఆ "సరే అక్కా" లేకపోతే నా చేతిలో ఏ ఆధారమూ ఉండేది కాదు. చదువు రాని తల్లిదండ్రులు, నోటి మాట మీదే ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఎట్లా నిరూపించుకుంటారన్నదే నా బాధ.

అందుకే ఫర్నిచర్ షాపుల సంఘాలను, పౌర సరఫరాల శాఖ అధికారులను ఒకటే అడుగుతున్నాను. తెలుగులో ఒక పేజీ ఆర్డర్ చీటీ తయారు చేయించండి. అందులో చేతితో గీసిన బొమ్మ, లోపలి కొలత, బయటి కొలత వేర్వేరుగా, ఏ భాగానికి ఏ చెక్క, ఎంత మందం, ఎక్కడ ప్లై వాడతారు, ఎప్పటికి ఇస్తారు అన్నవి ఉండాలి. ఇద్దరి సంతకాలతో చెరొక కాపీ ఉండాలి. పాలిష్ వేయకముందు ఒకసారి వచ్చి చూసుకునే హక్కు కూడా అందులో రాయాలి, ఎందుకంటే పాలిష్ పడ్డాక పలక ఏదో ప్లై ఏదో కంటికి ఆనదు. ఇది షాపాయనకూ మేలే. మేమే మాట మార్చామని ఆయన అనుకున్న రోజు అదే చీటీ చూపించుకోవచ్చు. ఏటా డిసెంబర్ 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం చేస్తారు. ఈసారి ఆ రోజున సభతో పాటు ఈ చీటీని వరంగల్, హనుమకొండ షాపులన్నింటికీ పంచితే బాగుంటుంది.

ఇట్లు
ఒక పాఠకురాలు, హనుమకొండ