ఎంగేజ్‌మెంట్ ఫోటోల ముందు తెల్ల వెంట్రుకల పని: మా షాపులో ఇకపై ఇలా

"అన్నా, వచ్చే నెల మూడో ఆదివారం నా ఎంగేజ్‌మెంట్. సాయంత్రం తారామతి బారాదరిలో ఫోటోలు. కణతల దగ్గర బాగా నెరిసింది, గడ్డంలో కూడా కొంచెం ఉంది. డై కొట్టినట్టు కనబడొద్దు. తెల్లవి మొత్తం పోవాలని కూడా లేదు, కలిసిపోతే చాలు. సైడ్లు ఎప్పటిలాగే ఫేడ్. ముందు రోజు వస్తే సరిపోతుందా?"

సరిపోదు తమ్ముడూ. ముందు రోజు వస్తే గడ్డం వరకు చేస్తాను. తలకు మాత్రం ఆ వారం గురువారం రావాలి, దానికి ముందు ఈ నెల కటింగ్‌కి వచ్చినప్పుడే ఒకసారి ట్రయల్ చూడాలి. ఫేడ్ విషయం కూడా మాట్లాడుకోవాలి, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మెసేజ్ పంపినతన్ని అడిగే ఇక్కడ పెడుతున్నాను. ముహూర్తాలు మొదలైతే ఇదే ప్రశ్న రోజూ వస్తుంది. ఒక్కొక్కరికి ఫోన్‌లో సగం సగం చెప్పే బదులు, షాపులో ఏం మారుతోందో, ఎందుకు మారుతోందో అందరికీ ఒకేసారి చెప్తున్నాను.

ముందు ఫేడ్ సంగతి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే వారానికి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. పైన జుట్టు పొడుగ్గా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ లెక్క పట్టించుకోనక్కర్లేదు. సైడ్లలో మాత్రం ఇదే కొంప ముంచుతుంది. మిషన్‌కి ఒకటో నంబర్ క్లిప్ పెడితే మిగిలేది మూడు మిల్లీమీటర్ల వెంట్రుక. ఎవరైనా ఫంక్షన్‌కి రెండు వారాల ముందే రంగు వేయించుకున్నారనుకోండి. ఆ రెండు వారాల్లో కింద నుంచి దాదాపు ఐదు మిల్లీమీటర్లు తెల్లగా పెరుగుతుంది, రంగున్న భాగం పైకి జరుగుతుంది. ముందు రోజు "ఫ్రెష్‌గా ఉండాలి" అని మళ్ళీ ఒకటో నంబర్ ఫేడ్ కొట్టిస్తే ఆ పై భాగమంతా నేల మీద పడుతుంది. అద్దంలో చూసుకుంటే కణతల దగ్గర రంగు వేసినట్టే ఉండదు. నిజంగానే ఉండదు మరి. డబ్బులు ఊడ్చి చెత్తబుట్టలో వేసినట్టే.

అందుకని కటింగ్, రంగు ఒకే రోజు. ముందు కటింగ్, తర్వాత రంగు. ఆ తర్వాత ఫోటోలు అయ్యేదాకా సైడ్లకు మిషన్ పెట్టం. మెడ వెనక గీత, చెవుల చుట్టూ శుభ్రం చేయడం వరకే. గురువారం చేస్తే ఆదివారానికి పెరిగేది ఒక మిల్లీమీటరు. కణతల దగ్గర మూడో నంబర్ పెట్టి పది మిల్లీమీటర్లు వదిలితే, లేదా కత్తెరతోనే తీస్తే, ఆ ఒక్క మిల్లీమీటరు ఎవరి కంటికీ ఆనదు. ఒకటో నంబరే కావాలంటే మూడు మిల్లీమీటర్ల రంగు కింద ఒక మిల్లీమీటరు తెలుపు ఉంటుంది. దగ్గరి నుంచి తీసే ఫోటోలో అది బూడిద చల్లినట్టు కనబడుతుంది. కాబట్టి ఈ ఒక్కసారికి ఫేడ్‌ను చెవికి కొంచెం పైనే ఆపుదాం. తెల్లవి ఎక్కువగా ఉన్న కణతల భాగాన్ని పొడుగ్గా వదిలేద్దాం.

ఇక షేడ్. డబ్బాల మీద ఒకటి అంటే నలుపు, మూడు అంటే ముదురు గోధుమ, నాలుగు అంటే గోధుమ. మన జుట్టు మామూలుగా ఒకటి, రెండు మధ్య ఉంటుంది. తెల్లవి కలిసిపోవాలంటే వాటికి మన అసలు రంగు వేయకూడదు, అంతకంటే ఒకటి రెండు మెట్లు లేత రంగు వేయాలి. నేను మూడు, నాలుగు మధ్య కలుపుతాను, అదీ బూడిద ఛాయ ఉన్న షేడ్. అప్పుడు నల్ల వెంట్రుకలు నల్లగానే ఉంటాయి, తెల్లవి పొగ కలిసిన గోధుమ రంగుకు వస్తాయి. రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి జుట్టులో లోతు కనబడుతుంది. ఒకటో నంబర్ వేస్తే అంతా ఒకే నలుపు. దాని మీద ఫ్లాష్ పడితే పాయలు విడిగా తెలియవు. పాపిడి దగ్గర జుట్టు పల్చగా ఉన్నవాళ్ళకు తల చర్మం ఇంకా తెల్లగా బయటపడుతుంది. బట్టతల మొదలైందా అని చుట్టాలు అడిగేది డై వేసిన వారంలోనే, మీరూ గమనించే ఉంటారు.

రంగులో కలిపే డెవలపర్ విషయంలో కూడా ఒక మాట. తెల్లవి పూర్తిగా కప్పే మామూలు పర్మనెంట్ కలర్‌కి ఎక్కువగా ఇరవై వాల్యూమ్, అంటే ఆరు శాతం పెరాక్సైడ్ వాడతారు. అది తెల్ల వెంట్రుకతో ఆగదు. పక్కనున్న నల్ల వెంట్రుకను కూడా కొంచెం లేతగా చేస్తుంది. మన జుట్టులో నలుపు కింద ఉండేది ఎరుపు, నారింజ. షాపులో ట్యూబ్‌లైట్ కింద అది తెలియదు, సాయంత్రం ఎండలో భగ్గుమంటుంది. ఈ తమ్ముడి ఫోటోలు సరిగ్గా ఆ వెలుతురులోనే. అందుకే ఈ పనికి నేను కొన్ని వారాల్లో దిగిపోయే డెమీ పర్మనెంట్ రకం వాడతాను, డెవలపర్ పది వాల్యూమ్ లేదా అంతకంటే తక్కువ. ఇది అసలు నలుపును దాదాపుగా కదిలించదు. తెల్లవాటి మీద మాత్రం పల్చగా పట్టుకుంటుంది.

పని మొత్తంలో రంగు తల మీద ఉండేది ఐదు నుంచి పది నిమిషాలు. కణతల దగ్గరి తెల్ల వెంట్రుక మందంగా, బిరుసుగా ఉంటుంది, రంగును తొందరగా తీసుకోదు. అందుకని అక్కడ మొదలుపెట్టి, పైన అక్కడక్కడా ఉన్నవాటికి చివర్లో దువ్వెన చివరతో తాకిస్తాను. అన్నిటికీ పూయను, కొన్ని తెల్లవి కావాలనే వదిలేస్తాను. ఐదో నిమిషానికి తడి దూదితో ఒక పాయ తుడిచి చూస్తాను. ఇంకా పసుపు తెలుపుగా ఉంటే రెండు నిమిషాలు ఆగుతాను, పొగ రంగుకు వస్తే వెంటనే కడిగేస్తాను. ఆరిన తర్వాత గుమ్మం బయట నిలబెట్టి ఫోన్‌తో ఫ్లాష్ వేసి ఒక ఫోటో, వేయకుండా ఒక ఫోటో తీస్తాం. ఎండలో ఎర్రగా కనబడితే అది షేడ్ తప్పు, ట్రయల్‌లోనే మారుస్తాం. ట్రయల్ నెల ముందు పెట్టేది ఇందుకే. ఈ రంగు నాలుగు నుంచి ఆరు వారాల్లో కడుగుడుకు కొంచెం చొప్పున దిగిపోతుంది, అసలు రోజుకు అది అడ్డం రాదు.

గడ్డం లెక్క వేరు. దాన్ని ఎలాగూ రెండు మూడు రోజులకోసారి దింపుతారు, పైన చెప్పిన ఫేడ్ చిక్కే ఇక్కడా వస్తుంది. కాబట్టి శనివారం ముందు ట్రిమ్, వెంటనే రంగు, అదీ కాసేపే. గడ్డం వెంట్రుక కంటే కింది చర్మం త్వరగా మరక పట్టుకుంటుంది. నా అభిప్రాయం అడిగితే, గడ్డంలో నాలుగైదు తెల్లవి ఉంటే వదిలేయడమే అందం. చుబుకం మీద ఒకే చోట గుత్తిగా ఉంటేనే ముట్టుకోవాలి.

చర్మ పరీక్ష ఇకపై ఎవరికీ మినహాయింపు లేదు, పదేళ్ళుగా వస్తున్నవాళ్ళకు కూడా. చెవి వెనక చిన్న చుక్క పెట్టి 48 గంటలు చూడాలి. చాలా రంగుల్లో కొందరి చర్మానికి పడని పీపీడీ అనే పదార్థమో దాని బంధువో ఉంటుంది. ఇన్నేళ్ళూ పడినవాళ్ళకు కూడా ఒక రోజు హఠాత్తుగా పడకపోవచ్చు. చేతులకు పెట్టే నల్ల మెహందీతో ఎప్పుడైనా దురద, బొబ్బలు వచ్చి ఉంటే నాకు ముందే చెప్పండి. అందులో కూడా చాలాసార్లు ఇదే ఉంటుంది, అలాంటివాళ్ళకు నేను రంగు వేయను. మంగళవారం మాకు సెలవు కాబట్టి గురువారం రంగు అనుకున్నవాళ్ళు సోమవారమే వచ్చి చుక్క పెట్టించుకోవాలి.

ఇంట్లో నల్ల హెన్నా పౌడర్ ప్యాకెట్ వేసుకుని వచ్చి "కొంచెం నేచురల్‌గా చేయన్నా" అంటే నేను చేయగలిగింది తక్కువ. వేసిన నలుపు మీద లేత రంగు వేస్తే ఆ నలుపు లేతబడదు. ఆ జుట్టు పెరిగి, కత్తిరించుకుంటూ పోవాలి. ఎంగేజ్‌మెంట్ తేదీ ఖాయమయ్యాక ఇంట్లో ఏ ప్యాకెట్టూ విప్పొద్దు. తల మొత్తం సగానికి పైగా నెరిసినవాళ్ళకు కూడా ఈ పద్ధతి అంత కుదరదు, తలంతా వెలిసిన గోధుమ రంగులా కనబడుతుంది. వాళ్ళకు మంచి కటింగ్ ఒక్కటే చేసి పంపుతాను.

ఎంగేజ్‌మెంట్‌కీ పెళ్ళికీ మధ్య రెండు నెలలుంటే పెళ్ళికి మళ్ళీ చేయాల్సిందే, మొదటిది అప్పటికి మిగలదు. అందులో నాకు లాభమే, దాచేదేముంది. నెలనెలా ఆ ఖర్చు వద్దనుకుంటే మొదలుపెట్టకండి, తెల్లవాటితోనే దిగండి. పెళ్ళికొడుకును చేసేటప్పుడు నలుగు పెట్టి కుంకుడుకాయతో గట్టిగా తలంటు పోస్తారు కదా, దానికి కూడా రంగు కొంత దిగుతుంది. కాబట్టి ఆ తలంటు అయ్యాకే రంగు పెట్టుకోవడం నయం.

ధర నల్ల డై కంటే ఎక్కువే. రంగు ఖర్చు వల్ల కాదు, ఒక్కో పాయ చూసి వేయడానికి కుర్చీ గంటసేపు నిండిపోతుంది. ట్రయల్‌కి ఇచ్చినదాంట్లో సగం అసలు రోజు బిల్లులో తగ్గిస్తాను. ఫంక్షన్‌కి కనీసం పది రోజుల ముందు చెప్పని రంగు పని ఇకపై తీసుకోను. ఫోన్ చేసినప్పుడు ఫోటోలు ఏ రోజు, బయటా లోపలా, తలకు చివరిసారి ఏం వేసుకున్నారు, ఇవి చెప్తే చాలు. వచ్చేటప్పుడు ముందు రోజే షాంపూ చేసుకుని, నూనె రాయకుండా రండి.