బాండుకు అనుమతి ఇచ్చే ముందు ఆ ఒక్క పేజీ లెక్క అడగండి

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మేము మున్సిపల్ లెక్కలు, అప్పుల ఒప్పందాలు చదివే పనిలో ఉన్నవాళ్లం. రాష్ట్రంలో ఏ కార్పొరేషన్ బాండ్లు అమ్మాలన్నా, బ్యాంకు అప్పు తీసుకోవాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే నగరం అప్పుకు అసలు హద్దు గీసేది మీ శాఖ ఇచ్చే ఉత్తర్వే. ఆ ఉత్తర్వులో ఏం ఉండాలో చెప్పడానికే ఈ లేఖ.

హైదరాబాద్ అనుభవం ముందుంచుకుందాం. జీహెచ్‌ఎంసీ ఎస్‌ఆర్‌డీపీ అనే రోడ్ల అభివృద్ధి పథకం కింద ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల కోసం 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల బాండ్లు 8.90 శాతం వడ్డీకి, అదే ఆగస్టులో 195 కోట్లు 9.38 శాతానికి, 2019 ఆగస్టులో మరో 100 కోట్లు 10.23 శాతానికి అమ్మింది. మూడు విడతలూ కలిపితే ఏడాదికి వడ్డీయే సుమారు 46 కోట్లు. మూడో విడత నాటికి రిజర్వు బ్యాంకు ఆ ఏడాదిలో నాలుగుసార్లు రెపో రేటు తగ్గించి 5.40 శాతానికి తెచ్చింది. దేశంలో వడ్డీలు దిగుతుంటే నగరం కట్టే వడ్డీ ఎక్కింది. 2018 సెప్టెంబరులో మౌలిక వసతులకు అప్పులిచ్చే పెద్ద సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ చెల్లింపులు ఆపేశాక బాండ్లు కొనేవాళ్లు జంకడం ఒక కారణం. అయినా ఆ తేడా మొత్తాన్ని మార్కెట్ మీదికి నెట్టేయలేం. అప్పు మీద అప్పు చేరుతున్న కొద్దీ, తిరిగి వస్తుందా అన్న అనుమానానికి కూడా కొనేవాళ్లు ధర కడతారు.

బాండ్లు అమ్మిన నగరాలకు కేంద్రం అప్పట్లో అమృత్ పథకం కింద వంద కోట్లకు 13 కోట్ల చొప్పున, గరిష్ఠంగా 26 కోట్లు ప్రోత్సాహకం ఇచ్చింది. మొదటి 200 కోట్ల మీద ఏడాది వడ్డీ 17.80 కోట్లు. 26 కోట్లు ఏడాదిన్నర వడ్డీకి సరిపోతాయి. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. పదేళ్ల గడువుతో 200 కోట్ల బాండు అమ్మి, అసలు మొత్తం చివరి ఏడాదిలో ఒకేసారి కట్టాలనుకుందాం. ఆ డబ్బు కూడబెట్టడానికి విడిగా పెట్టే ఖాతాను సింకింగ్ ఫండ్ అంటాం. జమ చేసిన సొమ్ము మీద 7 శాతం వస్తుందనుకుంటే, మొదటి ఏడాది నుంచే పక్కన పెడితే ఏటా సుమారు 14.5 కోట్లు చాలు. మొదటి ఐదేళ్లు వాయిదా వేసి ఆరో ఏట మొదలుపెడితే ఏటా 34.8 కోట్లు కావాలి. ఆ ఐదేళ్లలో కౌన్సిల్ మారుతుంది, కమిషనర్ మారతారు. మొదటి సంవత్సరాల్లో జమ ఆపిందీ, ఆఖరి సంవత్సరాల్లో పారిశుద్ధ్య కార్మికుల జీతాలకు వెతుక్కునేదీ ఒకే కుర్చీ కాదు. అందుకే జమ ఎప్పుడు మొదలవ్వాలో ఉత్తర్వులోనే రాసి ఉండాలి.

ఎస్క్రో ఖాతా దగ్గర ఇంకో చిక్కు ఉంది. బాండు కొన్నవాళ్లకు భరోసాగా ఆస్తి పన్ను ముందు ఈ ఖాతాలో పడాలి, వడ్డీకి, సింకింగ్ ఫండ్‌కు పోగా మిగిలిందే కార్పొరేషన్ ఖర్చులకు వెళ్లాలి. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ పన్ను నెలనెలా సమానంగా రాదు. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ కోసం ఒక్కసారిగా కడతారు, మళ్లీ మార్చిలో బకాయిలు కదులుతాయి. మధ్యలో రాబడి పలుచన. ఫిబ్రవరిలో అమ్మిన బాండుకు ఆరు నెలల వడ్డీ ఆగస్టులో కట్టాలి. పైన చెప్పిన 200 కోట్లకైతే అది 8.90 కోట్లు. 'నెలకు ఆ వడ్డీలో ఆరో వంతు పక్కన పెట్టాలి' అని ఒప్పందం రాస్తే ఏప్రిల్ సొమ్ములోంచి ఆ ఆరో వంతే ఆగుతుంది, మిగతాది పాత బిల్లులకు పోతుంది, జులైకి ఖాతా నీరసపడుతుంది. ఏప్రిల్ రాబడి నుంచే ఆగస్టు వడ్డీ మొత్తం పక్కన పెట్టాకే మిగతా ఖర్చుకు తలుపు తీయాలని రాస్తే ఈ ఇబ్బంది రాదు. పన్ను ఏ దారిలో వచ్చినా, ఆన్‌లైన్, మీసేవ, బిల్ కలెక్టర్ తెచ్చే చెక్కు, అన్నీ ఆ ఒక్క ఖాతాకే చేరుతున్నాయా అన్నది నెలకోసారి సరిచూడాలి. ఒక్క దారి పక్కకు పోతే ఎస్క్రో ఉన్నా లేనట్టే.

ఇక హద్దు గురించి. 2003లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా మున్సిపల్ చట్టం, ప్రతి రాష్ట్రం పట్టణ సంస్థల అప్పుకు సమగ్రమైన పరిమితి విధానం పెట్టుకోవాలని సూచించింది. ఎంత శాతం అన్నది ఎంత ముఖ్యమో, దేని మీద శాతం అన్నది అంతే ముఖ్యం. ఒక కార్పొరేషన్‌కు సొంత ఆదాయం 300 కోట్లు, పనులకు కట్టుబడిన గ్రాంట్లు 200 కోట్లు అనుకోండి. మొత్తం 500 కోట్ల మీద 15 శాతం వరకు అప్పు చెల్లింపులు ఉండొచ్చంటే 75 కోట్లు. సొంత ఆదాయం మీద అదే 15 శాతం అంటే 45 కోట్లు. జీతాలు, కరెంటు, చెత్త తరలింపు పోగా ఆ సంస్థకు మిగిలేది 60 కోట్లే అయితే, మొదటి లెక్క దాన్ని తీర్చలేని అప్పులోకి తోస్తుంది. గ్రాంటు డబ్బుతో వడ్డీ కట్టలేమన్న చిన్న సంగతి ఆ శాతంలో కనిపించదు. కాంట్రాక్టర్లకు చెల్లించని బిల్లులనూ అప్పుగానే లెక్కలోకి తీసుకోవాలి. బాండు కాగితం లేకపోయినంత మాత్రాన అది బాకీ కాకుండా పోదు.

రాష్ట్రం గ్యారంటీ ఇస్తే వడ్డీ తగ్గుతుందని మీ దగ్గరికి ప్రతిపాదనలు వస్తాయి. కానీ 2022-23 నుంచి, రాష్ట్ర బడ్జెట్ నుంచి తీర్చే సంస్థల అప్పులను కేంద్రం రాష్ట్రం అప్పుల పరిమితిలోనే కలుపుతోంది. గ్యారంటీ ఇచ్చి, చివరికి బడ్జెట్ నుంచే కట్టాల్సి వస్తే ఆ భారం నగరానిది కాదు, రాష్ట్రానిది అవుతుంది. సొంత పన్నులతో తీర్చగలిగిన అప్పునే నగరాన్ని చెయ్యనివ్వడం మేలు.

అయితే ఆ సొంత పన్ను మీద చెయ్యి వేసేది కూడా ప్రభుత్వమే. ఏ పన్ను వేయాలో మున్సిపాలిటీలకు అధికారం ఇచ్చేది రాజ్యాంగంలోని 243ఎక్స్ ప్రకారం శాసనసభ. 2016 నుంచి హైదరాబాద్‌లో ఏడాదికి 1200 రూపాయల వరకు ఆస్తి పన్ను ఉన్న ఇళ్లకు 101 రూపాయలే చాలన్నారు. 2020-21కి నగరంలో 15 వేల వరకు పన్ను కట్టే ఇళ్లకు సగం తగ్గించారు. కరోనా ఏడాదిలో ఆ ఊరట అవసరమే, కాదనం. కానీ అప్పటికే బాండు కొన్నవాళ్లకు హామీగా చూపింది ఆ పన్నునే. ఒక చేత్తో అప్పుకు అనుమతిస్తూ మరో చేత్తో ఆదాయం తగ్గిస్తే, ఆ లోటు రోడ్డు మరమ్మతుల్లోనో, డ్రైనేజీ పూడికతీతలోనో తేలుతుంది. రాయితీ ప్రకటించిన రోజునే దాని మొత్తం రాష్ట్ర ఖజానా నుంచి నేరుగా ఎస్క్రో ఖాతాకు వచ్చేలా అనుమతి ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చండి.

ఇకపై ఏ కార్పొరేషన్ ఫైలు మీ ముందుకు వచ్చినా, గత మూడేళ్ల సొంత ఆదాయం, దానిలోంచి తప్పని ఖర్చులు, ఉన్న అప్పుల వాయిదాలు, పెండింగ్ బిల్లులు, కొత్త బాండు పదేళ్ల చెల్లింపు, అన్నీ ఒకే పేజీలో చూపమని అడగండి. ఆ పేజీని ఉత్తర్వుతో పాటే ప్రజల ముందు పెట్టండి. పన్ను కట్టేవాళ్లు అది చదవగలరు.

ఇట్లు,
పురపాలక లెక్కలు తెలిసిన కొందరు పౌరులు