విషయం: కొత్త రేట్లు తెలియజేసిన ఈమెయిల్‌కు జవాబివ్వకుండా పాత రేటుకే బిల్లు చెల్లించడంపై ఫిర్యాదు

కంపెనీ యాజమాన్యం వారికి,

నమస్కారం. మీ పచ్చళ్ల సీసాలకు మొదటి లేబుల్ నుంచి నేటి వరకు డిజైన్ చేస్తున్నది నేనే. ఏప్రిల్ 1 నుంచి నా రేట్లు పెరుగుతాయని ఫిబ్రవరిలోనే మీ మార్కెటింగ్ విభాగానికి ఈమెయిల్ పంపాను. లేబుల్‌కు 6,000 రూపాయలున్నది 8,500 అవుతుందని, అదే డిజైన్‌ను మరో సైజు సీసాకు సర్దడానికి 1,500 ఉన్నది 2,500 అవుతుందని, మార్చి 31 లోపు అప్పగించిన పనులకు పాత రేటే వర్తిస్తుందని అందులో రాశాను. కారణం కూడా వివరించాను. కిలో సీసా లేబుల్‌ను కుదించినంత మాత్రాన వంద గ్రాముల సీసాకు సరిపోదు; నికర బరువు, గరిష్ఠ ధర వంటి వివరాల అక్షరాలు నిబంధనలు చెప్పిన ఎత్తుకు తగ్గకూడదు కాబట్టి, ఉన్న కాస్త చోటులో అన్నింటినీ మళ్లీ పేర్చుకోవలసి వస్తుంది.

ఆ ఈమెయిల్‌కు ఇప్పటికీ జవాబు లేదు. మార్కెటింగ్ మేనేజర్ గారు మాత్రం ఫోన్‌లో "అలాగే కానివ్వండి, ముందు ఆవకాయ లేబుళ్లు పంపండి" అన్నారు. ఆ మాట మీద నమ్మకంతో ఏప్రిల్‌లో నాలుగు సైజుల లేబుళ్లు పూర్తిచేసి, 16,000 రూపాయలకు బిల్లు పంపాను. నా ఖాతాలో 9,450 జమ అయింది. పాత లెక్క ప్రకారం 10,500 కట్టి, అందులో పది శాతం టీడీఎస్ మినహాయించారని ఆ అంకె చూశాకే అర్థమైంది.

అకౌంట్స్ విభాగాన్ని అడిగితే పర్చేజ్ ఆర్డర్‌లో పాత రేటే ఉందన్నారు. ఆ ఆర్డర్ తయారైంది నేను పని పూర్తిచేసి పంపిన తర్వాత! పర్చేజ్ వారిని అడిగితే రేటు మార్చాలని మార్కెటింగ్ సిఫార్సు చేయాలన్నారు. మార్కెటింగ్ వారు, రేట్లు తమ చేతిలో లేవని, పర్చేజ్‌నే అడగమన్నారు. పర్చేజ్‌లో ఒకరు పాత ఈమెయిల్ మళ్లీ పంపమని, పంపాక అందలేదని, ఇంకోసారి పంపాక పై అధికారి సెలవులో ఉన్నారని చెప్పారు. ఈ మధ్యలోనే గోంగూర లేబుల్ పని కూడా నాకు పంపించారు. రేటు నచ్చకపోతే నచ్చలేదని ఒక్క వాక్యం రాసి ఉంటే కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. పండగ రోజుల్లో కూడా మీ ప్రింటర్ కోసం ఫైళ్లు సరిచేసి పంపిన మనిషికి ఆ ఒక్క వాక్యం కూడా దక్కకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది.

అందిన సొమ్మును పాక్షిక చెల్లింపుగానే తీసుకుంటున్నాను. దాన్ని పాత రేటుకు నా అంగీకారంగా భావించవద్దు. పర్చేజ్ ఆర్డర్‌ను సవరించి, మిగిలిన 5,500 రూపాయలు టీడీఎస్ మినహాయించుకుని చెల్లించండి. కొత్త రేట్లకు రాతపూర్వకంగా ఒప్పుకునే వరకు గోంగూర లేబుల్ ఫైళ్లు ఇవ్వను. నాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఈ నెలాఖరులోపు జవాబు రాకపోతే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద, బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీతో సహా బకాయి ఇప్పించమని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు చేస్తాను.

ఇట్లు,
మీ లేబుళ్ల డిజైనర్